నూరు కావాల్సిన చోట నూటొకటి

2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో మొత్తం 119 స్థానాలకు గాను కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39, బీజేపీకి 8, ఎంఐఎంకు 7, సీపీఐకి 1 దక్కాయి. ఈ అయిదు అంకెలతో పై చార్టు గీసి, ఒక్కో ముక్క మీద దశాంశాలు లేకుండా శాతం రాస్తే వరసగా 54, 33, 7, 6, 1 వస్తాయి. వాటిని కూడితే 101. ఏ భాగహారమూ తప్పలేదు, ఏ పార్టీ స్థానాలూ రెండుసార్లు లెక్కకు రాలేదు. అయినా నూరు కావాల్సిన మొత్తం నూటొకటి అయింది.

అసలు శాతాలను రెండు దశాంశాల వరకు రాసి చూస్తే సంగతి తెలుస్తుంది. కాంగ్రెస్ వాటా 53.78, బీఆర్ఎస్‌ది 32.77, బీజేపీది 6.72, ఎంఐఎంది 5.88, సీపీఐది 0.84. దగ్గరి పూర్ణాంకానికి రౌండాఫ్ చేసే పద్ధతిలో దశాంశ భాగం సగం కన్నా తక్కువైతే దాన్ని వదిలేస్తారు, సగం దాటితే పై అంకెకు తీసుకువెళ్తారు. ఇక్కడ అయిదింటిలోనూ దశాంశ భాగం సగం దాటింది కాబట్టి అయిదూ పైకే వెళ్లాయి. కాంగ్రెస్‌కు 0.22, బీఆర్ఎస్‌కు 0.23, బీజేపీకి 0.28, ఎంఐఎంకు 0.12, సీపీఐకి 0.16 అదనంగా కలిశాయి. ఒక్కోటీ చూడబోతే చిన్నదే, కానీ తగ్గించేది ఒక్కటీ లేకపోవడంతో అన్నీ కలిసి ఒక శాతమయ్యాయి.

రౌండాఫ్ చేసిన ప్రతి అంకెలోనూ ఇలాంటి చిన్న తేడా ఉంటుంది. అది అటు అర శాతం, ఇటు అర శాతం మించదు. కొన్ని అంకెలు పెరిగి, కొన్ని తగ్గి, ఒకదాని తేడాను మరొకటి పూర్తిగా రద్దు చేస్తే మొత్తం నూరు వస్తుంది. పెరిగినవాటిదే పైచేయి అయితే 101, తగ్గినవాటిదే పైచేయి అయితే 99. సమానంగా మూడు వాటాలు వేసిన ఆస్తి 99కి తేలికైన ఉదాహరణ. ఒక్కో వాటా 33.33, రౌండాఫ్ చేస్తే 33, మూడు కలిపితే 99. వారంలోని ఏడు రోజులకూ సమానంగా పంచిన పని అయితే రోజుకు 14.29 శాతం. దాన్ని 14 అని రాస్తే ఏడు రోజుల మొత్తం 98కి దిగుతుంది.

లేబుళ్ల మొత్తం 101 అయినంత మాత్రాన వృత్తం తప్పుగా గీసినట్టు కాదు. చార్టు గీసే సాఫ్ట్‌వేర్ ముక్క కొలతను రౌండాఫ్ చేయని విలువ నుంచే తీసుకుంటుంది. కాంగ్రెస్ ముక్క కోణం 360 డిగ్రీల్లో 119కి 64 వంతులు, అంటే సుమారు 193.6 డిగ్రీలు. అయిదు కోణాలూ కలిసి వృత్తాన్ని సరిగ్గా పూర్తి చేస్తాయి. రౌండాఫ్ జరిగేది ఆ పైన రాసే అంకెలోనే. ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చే స్టాక్డ్ బార్‌లోనూ అంతే. పట్టీ నూరు గీత దగ్గరే ఆగుతుంది, లేబుళ్లు మాత్రం నూటొకటి అంటాయి.

అసలు సంఖ్యలు పక్కన పెట్టి, రౌండాఫ్ చేసిన 54, 33, 7, 6, 1 నే చార్టుకు ముడిసరుకుగా ఇస్తే మాత్రం బొమ్మే మారిపోతుంది. పై చార్టు ఆ 101ని పూర్తి వృత్తంగా తీసుకుని కాంగ్రెస్ ముక్కను 192.5 డిగ్రీలకు తగ్గిస్తుంది. ఆ ఒక డిగ్రీ కంటికి ఆనదు. మామూలు స్టాక్డ్ బార్ అయితే దాచుకోలేదు. పట్టీ నూరు గీతను దాటి పైకి పొడుచుకు వస్తుంది, మొత్తం 99 అయినప్పుడు గీతకు కాస్త కిందే ఆగిపోతుంది. పక్కపక్కన నిలబెట్టిన పట్టీల తలలు ఒకే ఎత్తులో లేకపోతే, గీసినవారు రౌండాఫ్ అయిన అంకెలతోనే గీశారని ముందుగా అనుమానించాలి.

ఇది ఎంత తరచుగా జరుగుతుందో లెక్కకట్టవచ్చు. ముక్కలు రెండే ఉంటే దాదాపు ఎప్పుడూ జరగదు. ఒకదానిలో దశాంశ భాగం 0.3 అయితే రెండోదానిలో 0.7 ఉండి తీరాలి, ఒకటి తగ్గినంతా రెండోది పెరుగుతుంది. రెండూ సరిగ్గా సగం దగ్గర ఆగినప్పుడే, అంటే 62.5, 37.5 వంటి జంటల్లోనే, రెండూ పైకి వెళ్లి 101 అవుతుంది.

ముక్కలు మూడైతే పరిస్థితి మారుతుంది. మొదటి రెండు లేబుళ్లలో వచ్చిన తేడాలు కలిసి అర శాతం లోపే ఉంటే మూడోది వాటిని సర్దేస్తుంది. అర శాతం దాటితే మూడోదాని వల్ల కాదు, ఎందుకంటే అది తన వంతుగా అర శాతానికి మించి కదలలేదు. కాగితం మీద ఒక చదరం గీసి, అడ్డంగా మొదటి తేడానూ నిలువుగా రెండో తేడానూ కొలిస్తే, రెండు తేడాల ప్రతి జంటకూ ఆ చదరంలో ఒక చుక్క ఉంటుంది. రెండూ బాగా పెరిగిన జంటలు ఒక మూలన, రెండూ బాగా తగ్గిన జంటలు ఎదురు మూలన చేరతాయి. మొత్తం చెడేది ఆ రెండు మూలల త్రిభుజాల్లోనే. ఒక్కో త్రిభుజం చదరంలో ఎనిమిదో వంతు. మిగిలిన ముప్పావు భాగంలో మొత్తం నూరు వస్తుంది. అంటే మూడు ముక్కల చార్టులు నాలుగు గీస్తే అందులో ఒకటి 99నో 101నో చూపిస్తుందని ఆశించాలి.

ముక్కలు పెరిగేకొద్దీ నూరు వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. నాలుగు ముక్కలకు అది మూడింట రెండు వంతులు, అయిదింటికి 60 శాతం, ఎనిమిదింటికి సగం కన్నా కాస్త తక్కువ, పదింటికి 43 శాతం. పది ముక్కలున్న చార్టులో లేబుళ్లు నూరు కావడం కన్నా కాకపోవడమే సహజమన్నమాట. ఫ్రెడరిక్ మాస్టెలర్, క్లియో యూట్జ్, డగ్లస్ జాన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1967లో దీని మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. 1979లో పెర్సీ డయాకోనిస్, డేవిడ్ ఫ్రీడ్‌మన్ ఆ లెక్కను మరింత కచ్చితమైన గణితంతో నిలబెట్టారు. ముక్కలు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ అవకాశం ముక్కల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. నాలుగు రెట్లు ముక్కలు పెరిగితే నూరు వచ్చే అవకాశం సుమారు సగమవుతుంది.

దశాంశాలు పెంచితే పీడ విరగడవుతుందని చాలామంది అనుకుంటారు. తెలంగాణ ఫలితాలనే ఒక దశాంశంతో రాస్తే 53.8, 32.8, 6.7, 5.9, 0.8 వస్తాయి, మొత్తం సరిగ్గా 100.0. ఇక్కడితో ఆగితే ఆ నమ్మకం నిజమే అనిపిస్తుంది. రెండు దశాంశాలకు వెళ్లి మొదట చెప్పిన అయిదు అంకెలనూ కూడితే 99.99 వస్తుంది. అక్కడే చెప్పిన అదనపు ముక్కలను, 0.22 నుంచి 0.16 వరకు, కూడి చూసినవారికి ఒకటికి బదులు 1.01 వచ్చి ఉంటుంది. దానికీ కారణం ఇదే. దశాంశం పెంచినప్పుడు తేడా పరిమాణం పదో వంతుకు తగ్గుతుంది, తేడా వచ్చే అవకాశం మాత్రం తగ్గదు. నూటొకటికి బదులు 100.1 కనిపిస్తుంది, అంతే.

ఈ లెక్కలన్నీ దశాంశ భాగాలు సున్నా నుంచి ఒకటి దాకా సమానంగా చెదిరి ఉంటాయన్న ఊహ మీద ఆధారపడినవి. వేల మందిని అడిగిన సర్వేకు ఆ ఊహ బాగా సరిపోతుంది. శాసనసభ స్థానాల వంటి చిన్న సంఖ్యలకు సరిపోదు, ఎందుకంటే అక్కడ మొత్తాన్ని బట్టి కొన్ని దశాంశ భాగాలే పదేపదే వస్తాయి. తెలంగాణలో ఒక స్థానం అంటే 0.84 శాతం. ఒక స్థానం గెలిచిన పార్టీ లేబుల్ 1 అవుతుంది. రెండు స్థానాల పార్టీ 1.68 నుంచి 2కి, మూడు స్థానాల పార్టీ 2.52 నుంచి 3కి పెరుగుతుంది. ఒకటి రెండు మూడు స్థానాల చిన్న పార్టీలు ఎక్కువయ్యేకొద్దీ మొత్తం పైకే నెట్టుకుపోతుంది. 2018 ఫలితాల్లో టీఆర్ఎస్ 88, కాంగ్రెస్ 19, ఎంఐఎం 7, టీడీపీ 2 కాగా మరో ముగ్గురివి ఒక్కొక్కటి. లేబుళ్లు 74, 16, 6, 2, 1, 1, 1. మళ్లీ 101. 2014లో పది ముక్కలు. టీఆర్ఎస్ 63, కాంగ్రెస్ 21, టీడీపీ 15, ఎంఐఎం 7, బీజేపీ 5, వైఎస్సార్‌సీపీ 3, బీఎస్పీ 2, సీపీఐ, సీపీఎం, స్వతంత్ర అభ్యర్థి ఒక్కొక్కటి. ఈ లేబుళ్లను కూడితే 102 వస్తుంది. వరసగా మూడు ఎన్నికల్లో మొత్తం నూరు దాటడం కాకతాళీయం కాదు, 119 అనే హారం స్వభావంలోనే అందుకు కొంత కారణముంది.

ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలతో వేరే కథ. 2019లో వైఎస్సార్‌సీపీకి 151, టీడీపీకి 23, జనసేనకు 1 వచ్చాయి. జనసేన 0.57 శాతం 1కి పెరిగితే, వైఎస్సార్‌సీపీ 86.29 నుంచి 86కూ టీడీపీ 13.14 నుంచి 13కూ తగ్గి ఆ పెరుగుదలను పూర్తిగా మింగేశాయి. మొత్తం 100. అదే రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాలకు రౌండాఫ్ అవసరమే రాదు. ఒక్కో స్థానం సరిగ్గా 4 శాతం. 2024లో టీడీపీ 16, వైఎస్సార్‌సీపీ 4, బీజేపీ 3, జనసేన 2 గెలిస్తే 64, 16, 12, 8 అని దశాంశమే లేకుండా వచ్చాయి. మొత్తం సంఖ్య నూరును నిశ్శేషంగా భాగించినప్పుడు ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

సరిగ్గా సగం దగ్గర ఆగిన విలువను ఏం చేయాలన్నది మరో మెలిక. ఎనిమిది సమాన ముక్కలున్న చార్టులో ఒక్కో ముక్క 12.5 శాతం. ఎక్సెల్‌లోని `ROUND` సగాన్ని పైకి తీసుకువెళ్లి 13 చేస్తుంది, మొత్తం 104. పైథాన్‌లోని `round` సగం దగ్గర ఉన్న విలువను దగ్గరి సరి సంఖ్యకు తెస్తుంది, 12 చేస్తుంది, మొత్తం 96. ఒకే సమాచారంతో ఇద్దరు గీసిన చార్టుల మధ్య ఎనిమిది శాతం తేడా! ఇది అరుదైన సందర్భమే. కానీ ఎనిమిది మందిని, పదహారు మందిని, నలభై మందిని అడిగి చేసిన చిన్న సర్వేల్లో సరిగ్గా సగం మీద ఆగే శాతాలు తరచు వస్తాయి. రెండు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు లేబుళ్లు చూపితే ముందు వెతకాల్సింది ఇక్కడే.

మొత్తాన్ని ఎప్పుడూ నూరుకే తెచ్చే మెరుగైన రౌండాఫ్ నియమం ఒకటి ఉండకూడదా అని ఎవరైనా అడగవచ్చు. ఒక్కో లేబుల్‌ను దాని విలువను మాత్రమే చూసి రాసే నియమాల్లో అలాంటిది ఉండదు. దీన్ని నిరూపించడానికి మూడు సమాన వాటాలు చాలు. నియమం ఏదైనా 33.33ను 33 అయినా చేయాలి, 34 అయినా చేయాలి. 33 చేస్తే మొత్తం 99, 34 చేస్తే 102. నూరు కావాలంటే రెండు వాటాలకు 33, ఒక వాటాకు 34 ఇవ్వాలి. అంటే సమానమైన మూడింటిలో ఒకదాన్ని ఏ కారణమూ లేకుండా పెద్దదిగా చూపించాలి. సమానమైనవి సమానంగా కనిపించడం, మొత్తం నూరు కావడం, ఈ రెండింటిలో ఒకదాన్ని వదులుకోక తప్పని సందర్భాలు ఉంటాయి. 99, 101 అంకెలు అసలు ఈ ఎంపిక వల్లే పుడతాయి. మామూలు రౌండాఫ్ మొదటిదాన్ని కాపాడి రెండోదాన్ని వదులుకుంటుంది.

మొత్తాన్ని కాపాడుకోవాలనుకునేవారు ఎక్కువగా వాడేది గరిష్ఠ శేష పద్ధతి. ముందు అన్ని శాతాల్లోనూ దశాంశ భాగాన్ని కొట్టేసి పూర్ణాంకాన్ని ఉంచుతారు. తర్వాత నూరుకు ఎంత తక్కువైందో చూసి, పెద్ద దశాంశ భాగాలున్నవాటికి ఒక్కొక్కటి చొప్పున కలుపుతారు. తెలంగాణ 2023 అంకెల్లో పూర్ణాంకాలు 53, 32, 6, 5, 0. వీటి మొత్తం 96, కలపాల్సినవి నాలుగు. దశాంశ భాగాల్లో ఎంఐఎంది 0.88, సీపీఐది 0.84, కాంగ్రెస్‌ది 0.78, బీఆర్ఎస్‌ది 0.77, బీజేపీది 0.72. నాలుగూ మొదటి నలుగురికే సరిపోయి, చివరిదైన బీజేపీకి ఏమీ మిగలదు. తేలేది 54, 33, 6, 6, 1, మొత్తం 100.

ఇప్పుడు ఆ చార్టును పాఠకుడి కళ్లతో చూడాలి. 8 స్థానాల బీజేపీకీ 7 స్థానాల ఎంఐఎంకూ ఒకే 6 శాతం కనిపిస్తోంది. 6.72ను 6 అని రాయడం ఏ బడి పిల్లాడైనా తప్పని చెప్పే పని. 101 కనిపించకుండా చేయడానికి ఒక నిజమైన తేడాను చెరిపేయాల్సి వచ్చింది. ఆ ఒక శాతాన్ని అన్నిటికన్నా పెద్ద ముక్కలోంచి తీసేయడం మరో అలవాటు. అలా చేస్తే 53.78 శాతం ఉన్న కాంగ్రెస్ 53 అవుతుంది. పెద్ద అంకెలో ఒకటి తగ్గితే అంతగా తెలియదన్నది దాని వెనకున్న ఆలోచన, అందులో కొంత నిజముంది కూడా. కానీ గెలిచిన పార్టీ శాతమే పతాక శీర్షికకు ఎక్కే అంకె కాబట్టి ఎన్నికల ఫలితాలకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

స్టాక్డ్ బార్‌లకు ప్రత్యేకంగా ఇంకో పద్ధతి ఉంది. ముక్కలను కాక, ముక్కల మధ్య సరిహద్దులను రౌండాఫ్ చేస్తారు. కింది నుంచి కూడుకుంటూ పోతే కాంగ్రెస్ ముగిసే చోటు 53.78, బీఆర్ఎస్ ముగిసేది 86.55, బీజేపీ ముగిసేది 93.28, ఎంఐఎం ముగిసేది 99.16, సీపీఐతో 100. వీటిని 54, 87, 93, 99, 100గా చేసి పక్కపక్క వాటి తేడాలు తీస్తే 54, 33, 6, 6, 1 వస్తాయి. చివరి సరిహద్దు ఎప్పుడూ నూరే కాబట్టి మొత్తం ఎన్నడూ తప్పదు. ఇందులోని లోపం ఏమిటంటే, ముక్కలు పేర్చిన వరసను బట్టి లేబుళ్లు మారిపోతాయి. బీజేపీని అడుగున పెట్టి, దాని పైన ఎంఐఎం, ఆ పైన సీపీఐ, తర్వాత బీఆర్ఎస్, కాంగ్రెస్ పేరిస్తే సరిహద్దులు 7, 13, 13, 46, 100 అవుతాయి. బీజేపీకి 7 తిరిగి వస్తుంది, ఒక స్థానం గెలిచిన సీపీఐ మాత్రం సున్నా అయిపోతుంది.

ఏది వాడాలన్నది ఆ అంకెలతో చేయబోయే పనిని బట్టి ఉంటుంది. నిజంగా పంచిపెట్టాల్సినప్పుడు సర్దుబాటు తప్పదు. గరిష్ఠ శేష పద్ధతిని అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదించింది రాష్ట్రాలకు ప్రతినిధుల సభ స్థానాలు పంచడానికే. 1792లో ఆ పద్ధతితో వచ్చిన బిల్లును జార్జి వాషింగ్టన్ వీటో చేశారు. స్థానాన్ని ముక్కలు చేయలేరు, మొత్తం స్థానాలు పెంచలేరు, కాబట్టి ఎవరో ఒకరికి నష్టం రాక తప్పదు. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో రూపాయి ఎక్కడి నుంచి వస్తోందో చూపే వృత్తానికీ ఇలాంటి కట్టుబాటే ఉంది. 2025-26 బడ్జెట్‌లో అప్పులు 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జీఎస్టీ 18, కార్పొరేషన్ పన్ను 17, పన్నేతర ఆదాయం 9, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4, అప్పు కాని మూలధన రాబడి 1 పైసా అని చూపారు. మొత్తం నూరు పైసలు. అక్కడ పాఠకుడి మనసులో ఉన్నది ఒక రూపాయి కాబట్టి దాన్ని నూటొక్క పైసలుగా చూపిస్తే చెప్పదలచుకున్న విషయమే దెబ్బతింటుంది.

ఎన్నికల ఫలితాలు, సర్వేలు, జనాభా వివరాలు ఇలాంటివి కావు. అక్కడ ఒక్కో లేబుల్ తన ముక్క గురించి నిజం చెప్పాలి, పక్క ముక్క అవసరం కోసం మారకూడదు. రౌండాఫ్ కారణంగా మొత్తం నూరు కాకపోవచ్చని చార్టు కింద ఒక్క వాక్యం రాయడమే అక్కడ సరైన పని, గణాంక శాఖల నివేదికల్లో కనిపించేదీ అదే. మొత్తం సంఖ్య చిన్నదైనప్పుడు శాతం పక్కనే అసలు అంకెను, ఉదాహరణకు 64 స్థానాలు అని, ఇస్తే ఇంకా మేలు.

లేబుళ్లను కూడి కొత్త శాతాలు తయారు చేయడంలోనూ ఇదే చిక్కు ఉంది. 2023లో కాంగ్రెస్, సీపీఐ పొత్తుతో పోటీ చేశాయి. వాటి లేబుళ్లను కూడితే 55, మిగతా మూడు పార్టీలవి కూడితే 46. అసలు స్థానాల నుంచి లెక్కిస్తే పొత్తు 65 స్థానాలు 54.62 శాతం, అంటే 55. మిగతా 54 స్థానాలు 45.38 శాతం, అంటే 45. రెండూ కలిపి నూరు. ఉపమొత్తాన్ని ఎప్పుడూ మూల సంఖ్యల నుంచే లెక్కించాలి.

కనిపించిన తేడా రౌండాఫ్‌దేనా, లేక నిజమైన తప్పా అన్నది పోల్చుకోవడానికి ఒక హద్దు ఉంది. ఒక్కో లేబుల్ అర శాతానికి మించి కదలదు కాబట్టి, మొత్తం తేడా ముక్కల సంఖ్యలో సగాన్ని మించదు. అయిదు ముక్కల చార్టులో మొత్తం 98 నుంచి 102 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 2014 నాటి పది ముక్కల 102 ఆ హద్దులోపలే ఉంది. నాలుగు ముక్కల చార్టు 97 చూపిస్తే మాత్రం అది రౌండాఫ్ పని కాదు. ఏదో ఒక వర్గాన్ని వదిలేసి ఉండాలి, లేదా అంకె తప్పుగా ఎక్కి ఉండాలి. జవాబు చెప్పనివారిని మొత్తంలో లెక్కించి చార్టులో చూపకపోవడం ఇలాంటి చోట్ల తరచుగా దొరికే కారణం. మొత్తం 130కో 160కో వెళ్తే, ఒక్కొక్కరు ఒకటికి మించి జవాబులు ఎంచుకోగలిగిన ప్రశ్న అయి ఉంటుంది. ఆ శాతాలు ఒకే మొత్తంలోని భాగాలు కావు కాబట్టి వాటికి పై చార్టు గీయడమే పొరపాటు, విడివిడి పట్టీలుగా చూపాలి. అసలు ప్రమాదం హద్దు లోపల దాక్కునే తప్పులతోనే. పది ముక్కల చార్టులో ఒక లేబుల్‌ను 13కి బదులు 12 అని తప్పుగా అచ్చు వేస్తే మొత్తం 99 కావచ్చు, దాన్ని రౌండాఫ్ ఖాతాలో వేసి అందరూ వదిలేయవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే మొత్తాన్ని చూస్తే సరిపోదు, ఒక్కో శాతాన్నీ మూల సంఖ్యతో మళ్లీ భాగించి చూడాలి.